మైక్రోఫైనాన్స్ లోన్లు ఒకటికి మించితే: అపోహలు - వాస్తవాలు

డ్వాక్రా సంఘాల సభ్యులతో కూర్చుని వారి ఇంటి అప్పుల లెక్కలు రాయించడం నా వృత్తి. ఒకే ఇంట్లో మూడు నాలుగు లోన్ కార్డులు ఉన్న కుటుంబాలలో ఎక్కువ మంది అప్పు తీసుకునే ముందు ఏవో కొన్ని లెక్కలు వేసుకున్నవారే. అయితే వారు వేసిన లెక్క వేరు, వేయవలసిన లెక్క వేరు. ఆ తేడా ఎక్కడ వస్తుందో, తరచుగా వినిపించే కొన్ని నమ్మకాల ద్వారా చెబుతాను.

అపోహ: కంపెనీ వారు అన్నీ చూసే లోను ఇస్తారు కనుక, వారు ఇచ్చారంటే మనం కట్టగలమనే అర్థం.

వాస్తవం: 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. ఆ కుటుంబం అన్ని అప్పులకు కలిపి నెలకు కట్టే కిస్తీలు నెలసరి ఆదాయంలో సగానికి మించకూడదు. ఇది మంచి నిబంధనే. కానీ అందులోని ఆదాయం ఏడాది సంపాదనను పన్నెండుతో భాగించగా వచ్చే సగటు మాత్రమే, కిస్తీ కట్టవలసిన నెలలో చేతికి వచ్చే సొమ్ము కాదు.

ఒక నమూనా కుటుంబాన్ని తీసుకుందాం. భర్తది తాపీ పని, రోజుకూలి 700 రూపాయలు. తొమ్మిది నెలల పాటు నెలకు ఇరవై రోజులు, వానాకాలంలో మూడు నెలల పాటు నెలకు పది రోజులు పని దొరుకుతుంది. భార్య కుట్టుపని మీద నెలకు 5,000 సంపాదిస్తుంది. అంటే మామూలు నెలలో 19,000, వాన నెలలో 12,000 వస్తాయి. ఏడాదికి 2,07,000, సగటున నెలకు 17,250. అందులో సగం 8,625.

ఆమెకు మూడు కంపెనీలలో 40,000, 50,000, 40,000 చొప్పున రెండేళ్ల లోన్లు ఉన్నాయి. తగ్గే అసలు మీద ఏడాదికి 24 శాతం వడ్డీ అనుకుంటే నెల కిస్తీలు వరుసగా 2,115, 2,644, 2,115 అవుతాయి. డ్వాక్రా బ్యాంకు లోనులో ఆమె వాటా 1,500. మొత్తం 8,374. నిబంధన ప్రకారం ఇది పరిమితిలోపే ఉంది.

ఇప్పుడు ఇంటి ఖర్చు కలుపుదాం. అద్దె, బియ్యం, గ్యాస్, పిల్లల బడి కలిపి నెలకు 10,000 అనుకుందాం. మామూలు నెలలో అన్నీ పోగా 626 రూపాయలు మిగులుతాయి, వాన నెలలో 6,374 తక్కువ పడతాయి. తొమ్మిది నెలల మిగులు మొత్తం దాచినా 5,634 మాత్రమే, మూడు నెలల లోటు 19,122. ఎవరికీ జబ్బు చేయకపోయినా, పెళ్లిళ్లు పేరంటాలు లేకపోయినా, ఈ కుటుంబం ఏడాదికి 13,488 రూపాయల లోటుతో నడుస్తోంది. అందువల్ల కొత్త లోను తీసుకునే ముందు, ఏడాదిలో అన్నిటికంటే తక్కువ సంపాదన ఉండే నెలలను విడిగా రాసి, వాటి లోటును మిగతా నెలల మిగులు పూడుస్తుందో లేదో చూడాలి. ఇదే ఇంట్లో 50,000 లోను లేకపోతే కిస్తీలు 5,730కి తగ్గుతాయి. అప్పుడు వాన నెలల లోటు 11,190, మామూలు నెలల మిగులు 29,430. లోటు పూడ్చగా మిగిలే 18,240 జబ్బుకో పండగకో అక్కరకొస్తుంది.

అపోహ: పాత కిస్తీకి ఇబ్బంది వస్తే ఇంకో కంపెనీలో చిన్న లోను తీసుకుని సర్దుకోవచ్చు.

వాస్తవం: ఇళ్లను ముంచుతున్న నమ్మకాలలో ఇదే ప్రధానమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇది చాలా నెలల పాటు నిజంగా పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది. పై కుటుంబం వానాకాలం చివర నాలుగో లోను 30,000 తీసుకుందనుకుందాం. ప్రాసెసింగ్ ఫీజు, బీమా పోగా చేతికి 29,000 వచ్చాయి. వాన నెలల్లో చేసిన చేబదుళ్లు 19,122 తీర్చితే 9,878 మిగులుతాయి. కొత్త కిస్తీ 1,586 చేరడంతో మామూలు నెలలో మిగిలే 626 పోయి, నెలకు 960 తక్కువ పడుతుంది. చేతిలోని సొమ్ము ఆ లోటును తొమ్మిది నెలలు భరిస్తుంది. ఆ కాలమంతా ఒక్క కిస్తీ కూడా తప్పదు, సెంటర్ మీటింగులో మంచి పేరు కూడా ఉంటుంది. మళ్లీ వానలు వచ్చేసరికి చేతిలో 1,238 రూపాయలు ఉంటాయి, ఎదురుగా ఉన్న లోటు మాత్రం 19,122 నుంచి 23,880కి పెరిగి ఉంటుంది. అప్పటికి అడగడానికి ఐదో కంపెనీయో రోజువారీ ఫైనాన్సో తప్ప మిగలదు.

కిస్తీ తప్పకముందే దీని ఆనవాళ్లు కనబడతాయి. మీటింగుకు ముందురోజు తోటి సభ్యుల దగ్గర చేబదులు అడగడం, కిరాణా కొట్టులో ఖాతా నెల దాటినా తీరకపోవడం, కిస్తీ కోసమే బంగారం తాకట్టు పెట్టడం, డ్వాక్రా పొదుపు మానేయడం వాటిలో ముఖ్యమైనవి. వీటిలో రెండు కనిపిస్తే కొత్త లోను ఆలోచన మానుకోవలసిందే. ఇంకొకరి కోసం తన పేరు మీద లోను తీసి ఇవ్వడం కూడా మానాలి, ఎందుకంటే వారు కట్టకపోయినా బాకీ కార్డులో పేరున్న మనిషిదే.

అపోహ: ఎక్కువ లోన్లు ఉంటే సిస్టమే ఆపేస్తుంది.

వాస్తవం: కొంతవరకే ఆపుతుంది. 2010 నాటి మైక్రోఫైనాన్స్ సంక్షోభం తర్వాత, ఒక మనిషికి రెండుకు మించి మైక్రోఫైనాన్స్ కంపెనీలు అప్పు ఇవ్వరాదన్న నిబంధన 2011లో వచ్చింది. 2022లో దాని స్థానంలో సగం ఆదాయం పరిమితి వచ్చింది. మైక్రోఫైనాన్స్ కంపెనీల స్వీయ నియంత్రణ సంస్థ అయిన ఎంఫిన్ 2024లో తన సభ్య సంస్థలకు మూడు కంపెనీలు, 2 లక్షల బాకీ అన్న హద్దు పెట్టింది. కానీ కంపెనీ చూసేది, ఎవరికి ఎక్కడ ఎంత అప్పు ఉందో నమోదు చేసే క్రెడిట్ బ్యూరో రిపోర్టు. ఒకే వారంలో రెండు చోట్ల తీసుకున్న లోన్లు ఒకదానికొకటి అందులో కనిపించకపోవచ్చు. ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినది, చీటీ పాడుకుని కడుతున్నది అసలే కనిపించవు. ఇంట్లోని అప్పులన్నీ తెలిసేది ఇంట్లోవారికే కనుక, భార్యాభర్తలిద్దరి అప్పులూ ఒకే కాగితం మీద రాసుకోవాలి. ప్రతి బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. మీరు తీసుకోని లోను మీ పేరు మీద ఉంటే అక్కడే బయటపడుతుంది.

అపోహ: అన్ని అప్పులూ కొంచెం కొంచెంగా ఒకేసారి తగ్గించుకోవాలి.

వాస్తవం: చేతికి అదనంగా సొమ్ము వచ్చినప్పుడు ముందు రోజువారీ ఫైనాన్స్ వంటి అధిక వడ్డీ అప్పు తీర్చాలి. మిగిలినవి ఇంచుమించు ఒకే వడ్డీకి ఉంటే, తక్కువ బాకీ ఉన్న లోనును పూర్తిగా మూసివేయడం మేలు, ఎందుకంటే అప్పుడే ఒక కిస్తీ మొత్తం నెల ఖర్చులోంచి పోతుంది. మైక్రోఫైనాన్స్ లోను గడువుకు ముందే కట్టేస్తే అపరాధ రుసుము వసూలు చేయకూడదు. మూసిన వెంటనే బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి, అదే కంపెనీ చూపించే కొత్త లోనుకు అక్కడికక్కడే సంతకం పెట్టకూడదు.

అపోహ: ఒక్క కిస్తీ తప్పితే ఇంటి మీదికి వస్తారు, అందుకే ఏదో ఒకటి చేసి కట్టాలి.

వాస్తవం: ఈ భయమే చాలామందిని నాలుగో లోను వైపు నెడుతుంది. నిబంధనల ప్రకారం వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరుసగా రెండుసార్లు లేక అంతకన్నా ఎక్కువసార్లు అక్కడికి రాకపోతేనే సిబ్బంది ఇంటికో పనిచేసే చోటుకో వెళ్లవచ్చు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, బంధువులను వేధించకూడదు. ఆలస్యపు రుసుము కట్టని కిస్తీ మీదే వేయాలి, మొత్తం లోను మీద కాదు.

కట్టలేమని తెలిసిన నెలలో, గడువు తేదీకి ముందే బ్రాంచి మేనేజరును కలిసి, కట్టగలిగిన మొత్తాన్ని కట్టి కార్డులో రాయించుకుని, గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగాలి. ఒప్పుకోవడం కంపెనీ ఇష్టం, అయినా ఆ కాగితం నకలు మీ దగ్గర ఉండాలి. వేధింపులు జరిగితే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు.