అమ్మకో నాన్నకో ఎక్కువ మైనస్ పవర్ ఉంటే పిల్లల కంటి పరీక్ష: అపోహలు - వాస్తవాలు

అపోహ: అక్షరాలు వచ్చాకే కళ్లు చూపించాలి.

వాస్తవం: తల్లికో తండ్రికో మైనస్ 6 లేదా అంతకుమించి పవర్ ఉంటే, బిడ్డకు ఏడాది నిండేసరికి మొదటి పరీక్ష చేయించండి. పవర్ తెలియడానికి బిడ్డ ఏమీ చెప్పనక్కర్లేదు. రెటినోస్కోపుతో కంట్లోకి వెలుగు వేసి, లోపలి మెరుపు ఎటు కదులుతోందో చూస్తూ, కంటి ముందు అద్దాలు మార్చి లెక్క తేలుస్తాం. మళ్లీ మూడేళ్లకు, బడికి పంపే ముందు, ఆ తర్వాత ఏటా చూపించాలి. బడి వయసు రాకముందే ఎక్కువ మైనస్ కనబడితే స్టిక్లర్, మార్ఫాన్ వంటి జన్యు సమస్యలు ఉన్నాయేమో కూడా చూడాలి. అందుకే వినికిడి గురించి, కీళ్ల గురించి అడుగుతాం.

అపోహ: చార్టులో చివరి వరుస దాకా చదివాడు, ఇక భయం లేదు.

వాస్తవం: ఇంటివాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. చిన్నపిల్లల కంటికి సహజంగా కాస్త ప్లస్ పవర్ ఉంటుంది. కన్ను పొడవు పెరిగేకొద్దీ ఆ ప్లస్ తరిగిపోతుంది, అది అయిపోయాక మైనస్ మొదలవుతుంది. కాబట్టి చూపు ఎంతుందన్నదే కాదు, ప్లస్ ఎంత మిగిలిందన్నదీ తెలియాలి.

ఒక ఆరేళ్ల బాబునే తీసుకోండి. తల్లికి మైనస్ 9. బాబు చూపు 6/6. కంటి కండరాన్ని సడలించే చుక్కలు వేయకుండా యంత్రంలో చూస్తే మైనస్ 0.75 అని వచ్చింది, చుక్కలు వేశాక ప్లస్ 0.50 వచ్చింది. మొదటి అంకె తప్పు. యంత్రంలోని బొమ్మను దగ్గరి వస్తువులా చూసి బాబు కంటి కండరం బిగించాడు. దాన్ని నమ్మి అద్దాలు రాస్తే అనవసరంగా మైనస్ తగిలించినట్టే. రెండో అంకె సరైనదే, అద్దాలూ అక్కర్లేదు. అయినా ఆ వయసుకి ప్లస్ 0.75 కన్నా తక్కువ ఉందంటే మైనస్ వచ్చే అవకాశం ఎక్కువ. ఇలాంటి పిల్లవాడికి కంటి పొడవు కొలిచి రాసిపెట్టుకుని, ఆరు నెలలకు మళ్లీ రమ్మంటాం. పగటిపూట రోజుకు రెండు గంటలైనా ఆరుబయట గడపమని చెబుతాం. రెండు కొలతలనూ పక్కపక్కన పెడితేనే కన్ను ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది, అందుకే పాత కాగితాలు తప్పక తెచ్చుకోండి.

అపోహ: చుక్కల మందు చూపు పాడుచేస్తుంది.

వాస్తవం: సాధారణంగా సైక్లోపెంటొలేట్ 1 శాతం ఒక చుక్క వేసి, 5-10 నిమిషాలకు మరొకటి వేస్తారు. అరగంట నుంచి ముప్పావు గంట ఆగి పవర్ చూస్తారు. విచ్చుకున్న కంటిపాపలోంచి రెటీనా అంచుల దాకా చూడడం కూడా అప్పుడే. చుక్క పడగానే మండుతుంది. ఆ రోజంతా దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండ కళ్లలో గుచ్చుతుంది, కాబట్టి టోపీ తెచ్చుకోండి, హోంవర్కు మర్నాటికి వాయిదా వేయండి. ముఖం కాస్త ఎర్రబడడం, మగతగా ఉండడం మామూలే. సంధి మాటలు మాట్లాడినా, ఒళ్లు బాగా వేడెక్కినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. బిడ్డకు మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే చుక్క వేయకముందే చెప్పండి.