ఎక్కేటప్పుడు ఒక తూకం, దిగేటప్పుడు ఇంకో తూకం

మండపేట, తణుకు వైపు రైస్ మిల్లుల్లో ధాన్యం దిగే చోట ప్లాట్‌ఫారం కాటా ఒకటి ఉంటుంది. పైన ఇనప పళ్లెం, కింద ఫ్రేము, రెంటికీ మధ్య అల్యూమినియం దిమ్మెలాంటి లోడ్ సెల్. బరువు పడగానే ఆ దిమ్మె కంటికి ఆననంత వంగుతుంది. దానికి అంటించిన స్ట్రెయిన్ గేజ్‌లు ఆ వంపును మిల్లీవోల్టులుగా ఇండికేటర్‌కి పంపిస్తాయి. 75 కిలోల బస్తాకి వంద గ్రాములు తేడా వస్తే అందరూ "కాటా తప్పు" అంటారు. ఏ రకం తప్పో మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సింది అదే, ఎందుకంటే బరువుతో పాటు రీడింగు తిన్నటి గీతలా పెరగకపోవడమనే లీనియారిటీ తప్పుకి ఒక మందుంది, ఎక్కేటప్పుడు ఒకటి దిగేటప్పుడు ఇంకొకటి చూపించే హిస్టెరిసిస్‌కి ఇంకొకటుంది, అదే బరువుకి ప్రతిసారీ వేరే అంకె చెప్పే రిపీటబిలిటీ తప్పుకి చాలాసార్లు మందే లేదు. మూడూ ఒకే పరీక్షలో బయటపడతాయి. బరువు మెట్టుమెట్టుగా ఎక్కించాలి, మళ్లీ అవే మెట్ల మీదుగా దించాలి.

కావలసినవి 20 కిలోల తూకపు రాళ్లు అయిదు. ఎమ్1 తరగతివైతే ఒక్కో రాయిలో ఉండదగిన తేడా ఒక గ్రాము, అయిదింటికీ కలిపి మహా అయితే అయిదు గ్రాములు. ఇండికేటర్‌లో మామూలు డిస్‌ప్లే ఈ పనికి చాలదు. అది 10 గ్రాములకో 20 గ్రాములకో సర్ది చూపిస్తుంది. పైగా ఆటో జీరో అనే సదుపాయం, ఖాళీ పళ్లెం మీద మిగిలిపోయిన చిన్న రీడింగును చప్పుడు చేయకుండా సున్నా చేసేస్తుంది. మనం వెతికేది ఆ మిగిలిపోయిందాన్నే. కాబట్టి ఆటో జీరో ఆపేసి, మిల్లీవోల్టులు నేరుగా చదవాలి. సీలు ఉన్న కాటా అయితే ముందే ఆలోచించుకోవాలి, సీలు తెగితే మళ్లీ తూనికలు కొలతల శాఖ ముద్ర పడాల్సిందే.

కరెంటు ఇచ్చి అరగంట ఆగాలి. తర్వాత వంద కిలోలు మూడుసార్లు పూర్తిగా పెట్టి తీసేయాలి. చాలాకాలం ఖాళీగా ఉన్న సెల్ మొదటి ఒకటి రెండు సార్లు కాస్త వేరుగా స్పందిస్తుంది. ఆ తేడాని లెక్కలోకి రానివ్వకూడదు. ఇక అసలు పరుగు: 0, 20, 40, 60, 80, 100, మళ్లీ 80, 60, 40, 20, 0. ప్రతి మెట్టు దగ్గర సరిగ్గా ముప్పై సెకన్లు ఆగి రీడింగు రాసుకోవాలి. రాళ్లు ప్రతిసారీ అదే వరసలో, అదే చోట పెట్టాలి. ఎక్కించేటప్పుడు రాయి సరిగా పడలేదని తీసి మళ్లీ పెడితే ఆ పరుగు చెడినట్టే. ఒకసారి బరువు తగ్గి మళ్లీ పెరిగింది కాబట్టి ఆ రీడింగు ఎక్కే గీతదీ కాదు, దిగే గీతదీ కాదు. సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టడమే.

ఖాళీ పళ్లెం రీడింగు తీసేశాక వంద కిలోలకు 20 మిల్లీవోల్టులు ఇచ్చే కాటా అనుకుందాం. అంటే ఒక కిలోకి 0.2, అయిదు గ్రాములకి 0.001. రీడింగులు ఇలా వచ్చాయనుకుందాం:

| కిలోలు | ఎక్కేటప్పుడు | దిగేటప్పుడు |
|---|---|---|
| 0 | 0.000 | 0.006 |
| 20 | 3.994 | 4.010 |
| 40 | 7.986 | 8.010 |
| 60 | 11.984 | 12.004 |
| 80 | 15.988 | 16.000 |
| 100 | 20.000 | |

ముందు లీనియారిటీ. సున్నా దగ్గరి రీడింగునీ వంద దగ్గరి రీడింగునీ కలుపుతూ తిన్నటి గీత గీస్తే 20 కిలోలకు 4.000, 40కి 8.000, అలా రావాలి. ఎక్కే వరసని ఆ గీతతో పోల్చితే అన్నిటికంటే ఎక్కువ తేడా 60 కిలోల దగ్గరుంది: 0.016 తక్కువ. పూర్తి 20లో అది 0.08 శాతం, అంటే 80 గ్రాములు. ఇక్కడ చిన్న మతలబు ఉంది. గీతని చివరలకు కట్టకుండా 0.008 కిందికి జరిపితే, రెండు చివరలూ గీతకి 0.008 పైన, 60 కిలోల బిందువు 0.008 కింద పడతాయి. అదే సెల్, అవే రీడింగులు, కానీ లీనియారిటీ తప్పు ఇప్పుడు 0.04 శాతమే. డేటాషీట్‌లో అంకె చూసి మురిసిపోయే ముందు ఏ గీత మీద కొలిచారో చూడాలి.

హిస్టెరిసిస్‌కి గీతతో పనే లేదు. ఒకే బరువు దగ్గర దిగే రీడింగులోంచి ఎక్కే రీడింగు తీసేయడమే. 80 దగ్గర 0.012, 60 దగ్గర 0.020, 40 దగ్గర 0.024, 20 దగ్గర 0.016, సున్నా దగ్గర 0.006. పెద్దది 0.024, అంటే 0.12 శాతం, 120 గ్రాములు. ఈ అంకెల కంటే వాటి ఆకారం ఎక్కువ చెబుతుంది. తేడా మధ్యలో ఉబ్బి, కిందికొచ్చేసరికి సన్నబడింది. నిజమైన హిస్టెరిసిస్ ఇలాగే ఉంటుంది. అలాకాక దిగే కొద్దీ తేడా పెరుగుతూ పోయి సున్నా దగ్గర అన్నిటికంటే ఎక్కువైతే, మధ్యాహ్నం రేకుల షెడ్డు వేడెక్కి సెల్ సున్నా జరిగిందేమో చూడాలి. ఇంకో దొంగ క్రీప్. వంద కిలోలు పెట్టి టీ తాగి వస్తే, బరువు మారకుండానే రీడింగు మెల్లగా పాకుతుంది, ఆ పాకుడు దిగే వరస మొత్తానికీ అంటుకుంటుంది. అనుమానం వస్తే అదే పరుగుని ప్రతి మెట్టు దగ్గర మూడేసి నిమిషాలు ఆగుతూ ఇంకోసారి చేయాలి. తేడా మారితే అందులో క్రీప్ ఉన్నట్టు.

రిపీటబిలిటీకి మాత్రం ఒక్క పరుగు చాలదు. ఏదీ మార్చకుండా మూడుసార్లు చేస్తే 40 కిలోల దగ్గర ఎక్కే రీడింగులు 7.986, 7.982, 7.987 వచ్చాయనుకుందాం. పెద్దదానికీ చిన్నదానికీ తేడా 0.005, అంటే 25 గ్రాములు. పోల్చాల్సింది ఎక్కేదాన్ని ఎక్కేదానితోనే. దిగే రీడింగు ఒకటి కలిసిందంటే హిస్టెరిసిస్ వచ్చి ఈ ఖాతాలో పడుతుంది. రాళ్లు ఒకసారి మధ్యలో, ఒకసారి మూలన పెడితే మూలల తేడా కూడా ఇందులోనే చేరుతుంది.

ఇప్పుడు మూడు అంకెలూ పక్కపక్కన పెడితే, 25 గ్రాముల్లోపు తిరిగి అదే చెప్పగల కాటా దిశ మారితే 120 గ్రాములు తేడా చూపిస్తోంది. అంటే కారణం ప్రతిసారీ ఒకేలా పనిచేస్తోంది, వెతికితే దొరుకుతుంది. మంచి లోడ్ సెల్ హిస్టెరిసిస్ ఇంత ఉండదు కాబట్టి చూపు ముందు ఫ్రేము మీదికి పోవాలి. పళ్లెం ఎత్తి చూస్తే అంచుకీ ఫ్రేముకీ మధ్య ఊక, తవుడు, గోదారి గాలి తేమకి ముద్దగా గట్టిపడి కనిపిస్తుంది. పళ్లెం దిగుతుంటే ఆ ముద్ద కొంత బరువుని ఫ్రేము మీదికి మళ్లిస్తుంది, అందుకే రీడింగు తక్కువ. పైకి లేస్తుంటే అదే రాపిడి పట్టి ఆపుతుంది, అందుకే ఎక్కువ. బరువు మితిమీరితే పళ్లెం ఇంకా దిగకుండా ఆపే ఓవర్‌లోడ్ బోల్టు ముందే తగులుతుంటే బొమ్మ వేరుగా ఉంటుంది. ఒక బరువు దాకా గీత తిన్నగా వెళ్లి, అక్కణ్ణించి ఒక్కసారిగా వంగుతుంది.

ముద్ద గీకేసి పరుగు మళ్లీ చేస్తే 40 దగ్గర 7.995, 8.001 లాంటివి రావచ్చు, అంటే తేడా 30 గ్రాములే. విచిత్రంగా లీనియారిటీ కూడా బాగుపడుతుంది. దాన్ని కొలిచింది ఎక్కే వరస మీద కదా, రాపిడి లాగిన లాగుడు అందులో కూడా ఉంది. అందుకే ఇండికేటర్‌లో ఒక్కో బరువు దగ్గర లీనియారిటీ తప్పుని విడిగా సరిచేసే మల్టీపాయింట్ దిద్దుబాటు పెట్టేది శుభ్రం చేశాకే. ముందే పెడితే ఊక ముద్దని కూడా కలిపి దిద్దినట్టవుతుంది, రేపు ముద్ద రాలిపోగానే ఆ దిద్దుబాటే తప్పవుతుంది. హిస్టెరిసిస్‌ని మాత్రం అలా అంకెలతో దిద్దలేం. 8.000 అని కనిపించినప్పుడు బరువు పెరుగుతూ అక్కడికి వచ్చిందో, తగ్గుతూ వచ్చిందో ఇండికేటర్‌కి తెలియదు.

ఖాళీ పళ్లెం మీద నిండు బస్తా పెట్టి తూచేవాళ్లకి ఇది పెద్దగా తగలదు, ఎప్పుడూ ఎక్కే గీత మీదే ఉంటారు. తగిలేది బియ్యం బస్తాలు కాటా మీదే నింపే చోట. జట్టు కూలీ కాస్త ఎక్కువ పోసి, చేటతో అర కిలో తీసి సరిచేస్తాడు. ఆఖరి కదలిక కిందికి. అర కిలో తీసినంత మాత్రాన దిగే గీత మీదికి పూర్తిగా చేరదు, రెండు గీతల నడుమ ఎక్కడో ఆగుతుంది, ఎక్కడన్నది ఎంత ఎక్కువ పోశాడన్న దాన్ని బట్టి ఉంటుంది. అదే కాటా, అదే బస్తా, పోసేవాడు మారితే తూకం మారినట్టు కనిపించేది ఇందువల్లే. కొంచెం తక్కువ పోసి, గుప్పెడు గుప్పెడుగా పెంచుతూ గుర్తు దగ్గరికి వస్తే ఆ తేడా చాలావరకు పోతుంది.