మూడు నిమిషాల పిచ్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ వైపు కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు పెట్టుబడి కోసం ఇన్వెస్టర్ల ముందు చెప్పే పిచ్‌ల స్క్రిప్టులు సరిచేయడం నా పని. ఇక్కడ ఒక ఊహా కంపెనీని పెట్టుకుని మాట్లాడతాను. తోట దగ్గరే బత్తాయిని సైజులవారీగా ఏరి, నేరుగా హైదరాబాద్ జ్యూస్ సెంటర్లకు చేరుస్తుంది అనుకుందాం.

అపోహ: సమస్య ఎంత పెద్దగా చెబితే అంత మంచిది.

"రైతుకు గిట్టుబాటు ధర లేదు" అంటే ఇన్వెస్టర్‌కు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. "సూట్ పేరుతో టన్నుకు అదనంగా కాయ తీసుకుంటారు, దానికి రైతుకు పైసా రాదు. జ్యూస్ సెంటర్‌కేమో చిన్నా పెద్దా కలిసిన కాయ వస్తుంది" అనండి. 40 సెకన్లు చాలు. తర్వాత చెప్పే పరిష్కారం సరిగ్గా ఈ నష్టాన్నే ఆపాలి. సమస్య సూట్ గురించి, పరిష్కారం యాప్ ఫీచర్ల గురించి అయితే వినేవాళ్లకు రెండూ అతకవు.

అపోహ: మార్కెట్ అంటే వేల కోట్ల అంకె చూపించాలి.

దేశంలో పండ్ల వ్యాపారమంతా మీ మార్కెట్ కాదు. కింది నుంచి లెక్క కట్టండి. మీరు చేరగల జ్యూస్ సెంటర్లు 2,000, ఒక్కోదానికి రోజుకు 20 కిలోలు, కిలోకు మీకు మిగిలేది 4 రూపాయలు, ఏడాదికి 300 రోజులు. మొత్తం 4.8 కోట్లు. అంకె చిన్నదని దాచొద్దు. దానిమ్మకో, ఇంకో నగరానికో ఇదే పద్ధతి ఎలా వెళ్తుందో ఒక వాక్యంలో చెప్పండి. అలా వెళ్లే దారి నిజంగా లేకపోతే, ఆ వ్యాపారానికి వాటా అమ్మడం కన్నా బ్యాంకు అప్పే మేలని నేను ముఖం మీదే చెబుతాను.

అపోహ: ఎంత కావాలో చివర్లో ఒక్క మాట అంటే సరిపోతుంది.

నా దృష్టిలో స్క్రిప్టు రాయడం మొదలుపెట్టాల్సిందే ఇక్కడ. "60 లక్షలు కావాలి, విస్తరణకు" అంటే డబ్బు ఎటు పోతుందో తెలియదు. ఇలా రాయండి: "ఇప్పుడు 120 సెంటర్లకు ఇస్తున్నాం. 60 లక్షలతో 18 నెలల్లో 600కు చేరతాం. 20 లక్షలు గ్రేడింగ్ మెషీన్‌కు, షెడ్డుకు. 28 లక్షలు మనుషులకు, బండ్లకు. మిగతా 12 లక్షలు రైతుకు అదే రోజు డబ్బు ఇవ్వడానికి." పైన వేసిన లెక్కే ఇక్కడా పనికొస్తుంది: 600 సెంటర్లయితే నెలకు 25 రోజుల చొప్పున 12 లక్షలు మిగులుతాయి. జీతాలు, డీజిల్ అందులోంచే పోవాలి, కాబట్టి దాన్ని లాభం అనకండి. వాల్యుయేషన్, అంటే కంపెనీ విలువ ఎంతో, అడిగితే చెప్పండి, స్క్రిప్టులో అక్కర్లేదు.

ఈ భాగానికి 45 సెకన్లు పక్కన పెట్టి, మిగిలిన సమయంలోనే సమస్య, పరిష్కారం, మార్కెట్ మూడూ సర్దండి. ఫోన్‌లో టైమర్ పెట్టి గట్టిగా చదివి చూడండి. ఎక్కువైతే పరిష్కారంలోని సాంకేతిక వివరాలు తీసేయండి, వాటి గురించి ప్రశ్నల సమయంలో ఎలాగూ అడుగుతారు.