ఒకే గడిలో రెండు పెట్టెలు: వాదన ఎక్కడ మొదలైంది

ఒకే టర్నులో రెండు వైపుల నుంచి తోసిన రెండు పెట్టెలు ఒకే గడిలో ఒకదానిపై ఒకటి కూర్చోవడం బగ్గా, లేక ఆట నియమమా అన్న వాదన గళ్ల పజిళ్లు తయారుచేసేవారిలో మళ్లీ లేచింది. దాన్ని సరిదిద్దాలని ఒక పక్షం అడుగుతోంది. సరిదిద్దితే ఇప్పటికే ఉన్న లెవెళ్లు చెడిపోతాయని రెండో పక్షం అంటోంది.

1982లో జపాన్‌లో వెలువడిన, పెట్టెలు తోసే ఆట సోకోబాన్ దగ్గర మొదలుపెట్టి ఈ చరిత్రంతా చెప్పుకోవలసిన పని లేదు. అక్కడ తోసేది ఒక్కడే, ఒక టర్నులో కదిలే పెట్టె కూడా ఒక్కటే. అందువల్ల ఇద్దరు ఒకే గడికి పోటీపడే సందర్భం ఆ ఆటలో పుట్టనే పుట్టదు. ఒకే మీట నొక్కితే ఇద్దరు కదిలే ఆటలతోనే చిక్కు మొదలైంది.

ఒక వరుసలో ఐదు గళ్లున్నాయనుకుందాం. మొదటి గడిలో ఆటగాడు, రెండో దానిలో పెట్టె, మూడోది ఖాళీ, నాలుగో దానిలో మరో పెట్టె, ఐదో దానిలో ఆటగాడి అద్దపు జంట. ఆటగాడు కుడికి జరిగితే జంట ఎడమకు జరుగుతుంది. కుడి బాణం మీట నొక్కగానే ప్రోగ్రాం ఎడమ పెట్టెను చూసి, ముందున్న మూడో గడి ఖాళీ కాబట్టి కదలవచ్చని నిర్ణయిస్తుంది. తర్వాత కుడి పెట్టెను చూస్తుంది. ఇంకా ఏదీ కదలలేదు కాబట్టి మూడో గడి ఇప్పటికీ ఖాళీగానే కనిపిస్తుంది, దానికీ అనుమతి దొరుకుతుంది. ఆపైన రెండింటినీ కదిపితే రెండూ మూడో గడికే చేరతాయి. ఏ పరీక్షా విడిగా తప్పు కాదు. టర్ను మొదట్లో ఉన్న స్థితిని చూసి రెండు ప్రశ్నలకూ జవాబిచ్చి, ఆ జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతాయా అని అడగకపోవడంలోనే లోపమంతా ఉంది.

ఆ తర్వాత జరిగేది ప్రోగ్రాం పెట్టెలను ఎలా గుర్తుపెట్టుకుంటుందన్న దానిపై ఆధారపడుతుంది. గడికి ఒకే విలువ రాసుకునే పద్ధతిలో రెండో పెట్టె మొదటిదాన్ని చెరిపేస్తుంది, అంటే ఒక పెట్టె మాయమవుతుంది. పెట్టెలన్నిటినీ జాబితాగా ఉంచుకుంటే రెండూ బతికే ఉంటాయి కానీ తెరపై ఒకటే కనిపిస్తుంది. ఈ రెండోదే ఎక్కువ మోసం చేస్తుంది. తర్వాత ఎప్పుడో ఆటగాడు పైనుంచి వచ్చి ఆ గడిని తోసినప్పుడు, ప్రోగ్రాం జాబితాలో మొదట దొరికిన పెట్టెను మాత్రమే కదిపితే, రెండోది అక్కడే మిగిలి ఆటగాడు దానిపైకి ఎక్కి నిలబడతాడు. ఆడేవారికి ఏమీ లేని చోట కొత్త పెట్టె పుట్టినట్టు అనిపిస్తుంది. ఫిర్యాదు సాధారణంగా అప్పుడే వస్తుంది. అసలు తప్పు మాత్రం పది టర్నుల వెనక జరిగి ఉంటుంది. ప్రతి టర్ను చివరా పెట్టెలున్న గళ్లను లెక్కపెట్టి, ఆ సంఖ్య మొదటి టర్నుకన్నా తగ్గిందేమో చూసుకుంటే తప్పు జరిగిన క్షణంలోనే దొరుకుతుంది.

నా ఉద్దేశంలో ఇవాళ్టి వాదనకు మలుపు 2013లో వచ్చింది. ఆ ఏడాది స్టీఫెన్ లావెల్ గళ్ల పజిళ్లు రాసే పజిల్‌స్క్రిప్ట్ అనే చిన్న భాషను అందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు. అందులో పెట్టెను తోసే నియమమంతా ఒక్క వరుసే:

```
[ > Player | Crate ] -> [ > Player | > Crate ]
```

ఈ వరుస పెట్టెను కదపదు, కదలాలన్న ఉద్దేశాన్ని మాత్రమే దానికి అంటిస్తుంది. నియమాలన్నీ అయ్యాక, ఉద్దేశం ఉన్న వస్తువులను ఒక్కొక్కటిగా నిజంగా కదిపే దశ వేరే ఉంటుంది. ఒకే కొలిజన్ లేయర్‌లో, అంటే ఒకదానికొకటి అడ్డుపడాలని రచయిత చేర్చిన ఒకే గుంపులో, ఉన్న రెండు వస్తువులు ఎన్నటికీ ఒకే గడిలో ఉండలేవు. ఎర్ర పెట్టెను ఒక లేయర్‌లో, నీలి పెట్టెను మరో లేయర్‌లో రాస్తే అవి నిరభ్యంతరంగా కలిసి కూర్చుంటాయి. అప్పటిదాకా అనుకోకుండా జరిగిపోతున్న విషయం మొదటిసారిగా రచయిత తన చేత్తో రాసి చెప్పవలసిన నిర్ణయమైంది.

అయితే పజిల్‌స్క్రిప్ట్ కూడా సమస్యను పూర్తిగా తీర్చలేదు. మన ఐదు గళ్ల వరుసను రెండు పెట్టెలూ ఒకే లేయర్‌లో ఉండేలా అందులో రాస్తే, కదిపే దశ గళ్లను ఎడమ నిలువు వరుస నుంచి కుడికి చూసుకుంటూ వస్తుంది. ఎడమ పెట్టె ముందుగా మధ్య గడిలోకి వెళ్లిపోతుంది, కుడి పెట్టెకు దారి మూసుకుపోతుంది, దాని వెనక ఉన్న జంట నిలిచిపోతుంది. ఒకదానిపై ఒకటి ఎక్కడం తప్పింది కానీ ఎడమవైపు గెలిచింది. అదే లెవెల్‌ను అద్దంలో తిప్పి గీస్తే జవాబు మారిపోతుంది. పజిల్ విప్పేవారు బొమ్మ చూసి ఈ తేడాను ఊహించే అవకాశమే లేదు, ఎందుకంటే ఎడమకు ప్రాధాన్యం ఉందని తెరపై ఎక్కడా కనిపించదు.

సరిదిద్దాలని అడిగేవారు కోరుతున్నది ఎడమ గెలవడం కాదు, ఇద్దరూ ఆగిపోవడం. ఇది కొత్త ఊహ కూడా కాదు. 1959లో ఆలన్ కాలహామర్ ప్రచురించిన డిప్లొమసీ అనే బోర్డు ఆటలో అందరి ఆదేశాలూ ఒకేసారి అమలవుతాయి, సమాన బలంతో ఒకే ప్రాంతానికి వెళ్లబోయిన రెండు సేనలూ ఎక్కడివక్కడే ఉండిపోతాయి. గళ్ల ఆటలో దీన్ని అమలుచేయడానికి ముందు ప్రతి వస్తువూ ఏ గడికి వెళ్లదలచిందో రాసుకోవాలి. ఒకే గడిని ఇద్దరు కోరితే ఇద్దరి ఉద్దేశాన్నీ రద్దు చేయాలి. పని అక్కడితో అయిపోదు. ఆగిపోయిన పెట్టె తన పాత గడిలోనే ఉంది కాబట్టి, ఆ గడి ఖాళీ అవుతుందని నమ్మి వెనక బయలుదేరిన ఆటగాణ్ణి ఆపాలి, అతని వెనక ఇంకొకరుంటే వారినీ ఆపాలి. కొత్తగా రద్దయ్యేది ఏమీ లేదనేదాకా ఈ పరిశీలన మళ్లీ మళ్లీ చేయాలి. ప్రతి చుట్టులో కనీసం ఒక ఉద్దేశమైనా తగ్గుతుంది కాబట్టి ఇది తప్పక ముగుస్తుంది. తొందరలో ఒకే చుట్టు చేసి వదిలేసిన చోట పెట్టెలు ఆగుతాయి కానీ ఆటగాడు పెట్టెలోకి దూరిపోతాడు, అంటే అదే తప్పు ఒక గడి వెనక్కి జరుగుతుంది.

ఉంచాలనేవారు ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వీ తెయికారి 2019లో విడుదల చేసిన బాబా ఈజ్ యూ అనే పజిల్ ఆటను ఉదాహరణగా చూపిస్తారు. అందులో వస్తువులు ఒకే గడిలో ఉండటం మామూలు స్థితి, అడ్డుపడాలంటేనే దానికి నియమం కావాలి. నియమాలను కూడా పదాల దిమ్మెలను వాక్యాలుగా పేర్చే రాస్తారు, అలాంటి రెండు దిమ్మెలు ఒకే గడిలో చేరితే ఆ రెండు పదాలూ వాక్యంలో చెల్లుతాయి. ఆ ఉదాహరణ సరైనదే. కానీ అక్కడ ఒకే గడిలో ఎన్ని ఉన్నా వాటి ఫలితమేమిటో ఆట అంతటా ఒకే తీరుగా ఉంటుంది. ఇప్పుడు వాదన నడుస్తున్న ఆటల్లో రెండు పెట్టెలు మామూలుగా ఒకదానికొకటి అడ్డుపడతాయి, ఒకే టర్నులో ఎదురెదురుగా వచ్చినప్పుడు మాత్రమే అడ్డుపడవు.

వారి రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఈ లోపాన్ని కనిపెట్టి, దాన్నే మెట్టుగా వాడుకుని లెవెళ్లు కట్టినవారున్నారు. మూడు పెట్టెలకు రెండు గళ్లే ఖాళీ ఉన్న గదిలో రెంటిని ఒకే గడిలో చేర్చడమే జవాబు అయితే, నియమం మారిన రోజున ఆ గదికి జవాబే ఉండదు. పాత లెవెళ్లన్నిటి జవాబులనూ కొత్త నియమంతో నడిపించి చూస్తే ఏవి తెగిపోయాయో వెంటనే తెలుస్తుంది. అవి ఒకటో రెండో అయితే తిరిగి గీయవచ్చు. ఎక్కువైతే పాత నియమాన్ని ఆ లెవెళ్లకే పరిమితం చేసి, అక్కడ రెండు పెట్టెలున్న గడిని రెండుగా కనిపించేలా గీయడం మిగిలిన దారి.