గోడ మీద పిల్లి, రెండు ఫ్లాపులు

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట, ట్యాంకు నింపే ఒక కంట్రోలర్ బోర్డు రోజుకు ఒకటి రెండుసార్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ట్యాంకు నిండగానే లెవెల్ సెన్సర్ తీగ మీద 1 వస్తుంది. లోపలి సర్క్యూట్‌ను మనమే కోడ్‌గా రాసుకునే చిప్ ఎఫ్‌పీజీఏ, అది దాన్ని చూసి తర్వాతి పని మొదలుపెట్టాలి. అరగంటకోసారి జరిగే పని ఇది. సిమ్యులేషన్ బాగానే ఉంది, టైమింగ్ రిపోర్టులో ఎర్ర గీత ఒక్కటీ లేదు. లోపల ఏం జరుగుతోందో చూద్దామని చిప్‌లోనే లాజిక్ అనలైజర్ పెట్టి మళ్లీ బిల్డ్ చేస్తే సమస్య మాయమైంది. తీసేస్తే మళ్లీ వచ్చింది.

చివరికి స్టేట్ మెషీన్‌లోని రెండు బిట్లను రెండు ఎల్ఈడీలకు కలిపి వదిలేశాం. ఒకటి WAIT, ఒకటి RUN. ఎప్పుడు చూసినా వాటిలో ఒకటి వెలుగుతూ ఉండాలి. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే రెండూ ఆరిపోయి ఉన్నాయి.

సెన్సర్ 1 అనగానే WAIT బిట్ ఆరాలి, RUN బిట్ వెలగాలి. ఈ రెండు బిట్లూ రెండు వేర్వేరు ఫ్లిప్-ఫ్లాపులు, అంటే క్లాకు కొట్టినప్పుడు కనిపించిన 0నో 1నో పట్టుకుని ఉంచుకునేవి. 100 మెగాహెర్ట్జ్ క్లాకు ప్రతి 10 నానోసెకన్లకూ ఒకసారి కొడుతుంది, కొట్టినప్పుడల్లా ఆ రెండూ సెన్సర్ తీగను ఎవరికి వారే చూసుకుంటాయి. సెన్సర్ నుంచి WAIT దాకా ఉన్న దారి కంటే RUN దాకా ఉన్న దారి 0.3 నానోసెకన్లు ఎక్కువ అనుకోండి. సరిగ్గా ఆ సందులో క్లాకు కొడితే WAITకి 1 కనిపిస్తుంది, RUNకి ఇంకా పాత 0 కనిపిస్తుంది. ఒకటి ఆరిపోయింది, రెండోది వెలగలేదు. ఇక మెషీన్ ఏ స్థితిలోనూ లేదు, బయటపడే దారీ లేదు. 10లో 0.3 అంటే నూటికి మూడుసార్లు. రోజుకు 48 సార్లు ట్యాంకు నిండితే ఒకటి రెండుసార్లు బోర్డు బిగుసుకోవాల్సిందే. అనలైజర్ పెట్టినప్పుడు టూల్ తీగలన్నీ కొత్తగా వేసింది, ఆ తేడా తగ్గిపోయింది. టైమింగ్ రిపోర్టును తప్పుపట్టడానికి లేదు. సెన్సర్ ఎప్పుడు మారుతుందో దానికి తెలియదు కాబట్టి ఆ దారిని లెక్కలోకే తీసుకోలేదు.

సెన్సర్‌కి అసలు క్లాకే లేదు. కానీ వేరే క్లాకుతో నడిచే భాగం నుంచి వచ్చే సిగ్నల్‌తోనూ ఇదే గొడవ, దాన్నే క్లాక్ డొమైన్ క్రాసింగ్ అంటారు. రెండు క్రిస్టల్స్ మీదా 100 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్నా ధైర్యంగా ఉండటానికి లేదు. వాటి మధ్య పది లక్షలకు పది వంతుల తేడా ఉంటే చాలు, ఒకదాని అంచు రెండోదాని అంచును దాటుకుంటూ సెకనుకు 1,000 సార్లు జారిపోతుంది.

మందు సులువుగానే తోస్తుంది. బయటి తీగను ఒకే ఒక్క ఫ్లాపు చూడాలి, మిగతా అందరూ దాని మాటే వినాలి. ఇద్దరు చూస్తే కదా రెండు మాటలు! ఇది నిజమే, కానీ సగం మందే. ఆ ఒక్క ఫ్లాపూ తేల్చుకోలేకపోతే?

ఫ్లాపు లోపల రెండు ఇన్వర్టర్లు ఒకదాని అవుట్‌పుట్ ఒకదానికి ఇచ్చుకుంటూ ఉంటాయి. ఒకటి పైకి లాగితే రెండోది కిందికి లాగుతుంది. అలా 0 దగ్గరో 1 దగ్గరో గట్టిగా నిలబడతాయి. క్లాకు కొట్టే క్షణానికి కాస్త ముందూ కాస్త తర్వాతా ఇన్‌పుట్ కదలకూడదు, వాటినే సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ అంటాం. ఆ సమయంలోనే ఇన్‌పుట్ మారితే లోపలి వోల్టేజ్ సరిగ్గా మధ్యలో ఆగవచ్చు. గోడ మీద పిల్లిలా ఇటూ దూకదు, అటూ దూకదు. ఇదే మెటాస్టెబిలిటీ. 1973లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన చేనీ, మోల్నార్ ఇలా తేలని ఫ్లాపులను ఆసిలోస్కోప్ మీద ఫొటోలు తీసి ప్రచురించారు.

పిల్లి ఎప్పుడో ఒకప్పుడు దూకుతుంది. మధ్య నుంచి వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఇన్వర్టర్లు ఆ తేడాను పెంచుకుంటూ పోతాయి. ప్రతి చిప్‌కీ టౌ అనే ఒక చిన్న కాలం ఉంటుంది. ఒక్కో టౌ గడిచేసరికి ఆ తేడా 2.7 రెట్లు పెరుగుతుంది. అంటే ఇంకా తేల్చుకోకుండా మిగిలిపోయే అవకాశం అన్ని రెట్లు తగ్గుతుంది. దాన్ని పూర్తిగా సున్నా చెయ్యడం ఎవరివల్లా కాదు. మన చేతిలో ఉన్నది సమయం ఇవ్వడమే.

రెండో ఫ్లాపు చేసే పని అంతే, సమయం ఇవ్వడం. మొదటిది పట్టుకున్న విలువను వెంటనే ఎవరూ వాడకుండా, ఒక క్లాకు ఆగి రెండో ఫ్లాపు తీసుకుంటుంది. ఈ జతనే సింక్రనైజర్ అంటారు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. సిగ్నల్ సెకనుకు 10 లక్షల సార్లు మారుతుంది. ప్రమాదకరమైన సందు 0.1 నానోసెకను, టౌ 0.2 నానోసెకన్లు. 10లో 0.1 అంటే నూటికి ఒకటి, కాబట్టి మొదటి ఫ్లాపు సెకనుకు 10,000 సార్లు గోడెక్కుతుంది.

దాని అవుట్‌పుట్ నేరుగా పెద్ద లాజిక్‌లోకి వెళ్లి, 9 నానోసెకన్లు అక్కడే ఖర్చయితే, తేల్చుకోవడానికి మిగిలేది 1 నానోసెకను, అంటే 5 టౌలు. అవకాశం సుమారు 150 రెట్లే తగ్గుతుంది. సెకనుకు 60కి పైగా తప్పులు. మధ్యలో లాజిక్ ఏదీ లేకుండా రెండో ఫ్లాపు పక్కనే ఉంటే, తీగకూ సెటప్‌కూ 1 పోయినా 9 నానోసెకన్లు మిగులుతాయి, 45 టౌలు. అప్పుడు సగటున 11 కోట్ల సంవత్సరాలకు ఒక తప్పు.

నన్ను బాగా భయపెట్టే లెక్క ఇంకొకటి ఉంది. అదే కోడ్, అవే రెండు ఫ్లాపులు. కాకపోతే టూల్ వాటిని చిప్‌లో చెరో మూలా పెట్టింది, మధ్య తీగకే అదనంగా 5 నానోసెకన్లు పోయాయి. మిగిలింది 4, అంటే 20 టౌలు. 11 కోట్ల సంవత్సరాలు కాస్తా పదమూడున్నర గంటలైపోతాయి! సాయంత్రం టెస్టులో పాసవుతుంది, తెల్లారేసరికి ఫెయిలవుతుంది. కోడ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనబడదు. అందుకే ఆ రెండూ పక్కపక్కనే ఉండాలని టూల్‌కి చెప్పి తీరాలి. జైలింక్స్ చిప్‌ల టూల్ వివాడోలో అయితే ఇలా:

```verilog
(* ASYNC_REG = "TRUE" *) reg s1, s2;
always @(posedge clk) begin
  s1 <= level_in;
  s2 <= s1;
end
```

ఇక్కడ `s1`ని `s2` తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఎక్కడైనా ఒక చోట తొందరపడి `s1` వాడేస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు. వివాడోలో `report_cdc` నడిపితే సింక్రనైజర్ లేకుండా క్లాకు దాటే దారులు చాలావరకు దొరుకుతాయి, నేను ప్రతి బిల్డ్‌లోనూ నడుపుతాను.

ఒక సంగతి మాత్రం చాలామంది పొరబడతారు. పిల్లి సరైన వైపే దూకుతుందని సింక్రనైజర్ ఎప్పుడూ మాట ఇవ్వదు. కొత్త విలువ ఈ క్లాకుకే రావచ్చు, ఒక క్లాకు ఆలస్యంగానూ రావచ్చు. మా ట్యాంకుకు ఆ 10 నానోసెకన్లు లెక్కలోనివి కావు. నాలుగు బిట్ల కౌంటర్‌కి అదే ప్రాణం మీదికొస్తుంది. 7 నుంచి 8కి మారేటప్పుడు 0111 కాస్తా 1000 అవుతుంది, నాలుగు బిట్లూ ఒకేసారి తిరగబడతాయి. ఒక్కో బిట్‌కీ ఒక్కో సింక్రనైజర్ పెడితే, కొన్ని కొత్తవీ కొన్ని పాతవీ కలిసి ఒక క్లాకు పాటు 15 కనిపించవచ్చు, 0 కనిపించవచ్చు. మా WAIT, RUN బిట్ల గొడవే ఇది, రూపం మారిందంతే. రెండు క్లాకుల మధ్య డేటాను వరసగా దాటించే ఫిఫోల్లో అందుకే అడ్రస్‌ను గ్రే కోడ్‌లోకి మార్చి దాటిస్తారు. అందులో 7 అంటే 0100, 8 అంటే 1100. మారేది ఒక్క బిట్టే. ఆ ఒక్కటి ఎటు దూకినా అవతల కనిపించేది 7 గానీ 8 గానీ, మరో అంకెకు చోటే లేదు.