పర్సనల్ స్టేట్‌మెంట్‌కి మార్కులు ఎక్కడ పడతాయి: అపోహలు - వాస్తవాలు

యూకేలో డిగ్రీకి అక్కడి యూనివర్సిటీల దరఖాస్తులు తీసుకునే సంస్థ యూకాస్ ద్వారా అప్లై చేసేవాళ్లకి 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా వస్తోంది: ఈ సబ్జెక్టే ఎందుకు, మీ చదువు దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మొత్తం 4,000 క్యారెక్టర్లు, ఖాళీలతో కలిపి. ఒక్కో జవాబుకి కనీసం 350. దీనికి మార్కులు వేసే పద్ధతి డిపార్ట్‌మెంట్‌ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల అసలు వేయరు. ఇక్కడ ఆసక్తి, అనుభవం, రాత అని మూడింటికీ 0 నుంచి 3 వరకు వేస్తున్నారనుకుందాం.

అపోహ: ఇష్టాన్ని ఎంత గట్టిగా చెబితే అంత మంచిది.

"చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ప్రాణం" అనే వాక్యానికి 0. అబద్ధమని కాదు. కంప్యూటర్లు తీసేసి మెడిసిన్ అని పెట్టినా ఆ వాక్యం అలాగే నిలబడుతుంది, అదీ ఇబ్బంది. "ఉద్యోగావకాశాలు బాగున్నాయి" అంటే కారణం ఉంది కాబట్టి 1. సబ్జెక్టులో ఫలానా అంశాన్ని పట్టుకుంటే 2. దాని మీద వచ్చిన సందేహాన్ని తీర్చుకోవడానికి ఏం చదివారో, ఏం చేశారో కనిపిస్తే 3.

అపోహ: అనుభవాల జాబితా పొడుగ్గా ఉండాలి.

"పెద్ద కంపెనీలో ఇంటర్న్‌షిప్, రెండు హ్యాకథాన్లు, పైథాన్ సర్టిఫికెట్" అన్నదానికి 1 దాటదు. కంపెనీ పేరుకి విడిగా మార్కులు లేవు. ఇప్పుడు ఇది చూడండి:

"మా వీధి కిరాణా కొట్టు అరువు ఖాతాని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాను. ఒకాయన పేరు మూడు స్పెల్లింగుల్లో పడి, ఆయన బాకీ మూడు ముక్కలైంది. పేరు బదులు ఫోన్ నంబరుతో ఖాతాలు కలిపాను. ఒకే నంబరు ఇద్దరు వాడే ఇళ్లలో ఇదీ పనిచేయలేదు."

దీనికి 3. చేసిన పని, వచ్చిన చిక్కు, తీసుకున్న నిర్ణయం, అది ఎక్కడ ఆగిపోయిందో అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం తీసేస్తే 2కి దిగుతుంది, ఎందుకంటే ఫలితాన్ని సరిచూసుకున్న జాడ పోతుంది. అలాగని ఈ పేరాతోనే ఆసక్తికీ మార్కు ఇచ్చేయకూడదు. "దాంతో డేటాబేస్‌లో ప్రైమరీ కీ ఎలా ఎంచుకుంటారో చదివాను" అని ఇంకో అడుగు వేస్తే అప్పుడు అక్కడా పడుతుంది.

అపోహ: ఇంగ్లిష్ దంచేస్తే చాలు.

మార్కులు వేసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. భాష నున్నగా ఉంటే మిగతా రెండు గడుల్లోనూ తెలియకుండానే ఒక మార్కు పెరుగుతుంది. అందుకే రాతకి చివర్లో వేయడం మేలు. ఇద్దరు విడివిడిగా చదివి, ఏ గడిలోనైనా రెండు మార్కుల తేడా వస్తే సగటు తీయకుండా ఆధారమైన వాక్యాన్ని వేలు పెట్టి చూపించుకోవాలి. 1కీ 3కీ మధ్య 2 వేసేస్తే, ఎవరో చూడకుండా దాటేసిన వాక్యం అలాగే మరుగున పడుతుంది.

రాతలో చూసేది ఎవరు ఏం చేశారో ఒక్క చదువులో తెలుస్తోందా అన్నదే. అర్థం చెడనంతవరకు చిన్న వ్యాకరణ తప్పుకి మార్కు కోయడం అనవసరం.

అపోహ: కన్సల్టెన్సీ ఇచ్చిన నమూనాలో పేరు మారిస్తే సరిపోతుంది.

పాత స్టేట్‌మెంట్లతో పోలికని యూకాస్ సాఫ్ట్‌వేర్‌తో సరిచూస్తుంది. పోలిక ఎక్కువుంటే ఆ సంగతి మీరు ఎంచుకున్న యూనివర్సిటీలకి చేరుతుంది, ఏం చేయాలో అవే నిర్ణయించుకుంటాయి.