గురక ఆగిన ఆ అర నిమిషంలో

వ్యవసాయ మోటారు బిగించినవాళ్లకు తెలిసిన సంగతే ఇది. నీళ్లు బయటికి తోసే డెలివరీ వైపు మెత్తటి పైపు వేసినా నడుస్తుంది కానీ, బావిలోంచి లాగే సక్షన్ వైపు గట్టి పైపే ఉండాలి. అక్కడ మెత్తటిది వేస్తే మోటారు లాగగానే పైపు లోపలికి నొక్కుకుపోయి గోడలు అతుక్కుంటాయి. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా అతుక్కుంటాయి. మన ఊపిరి దారిలో ముక్కుకు ఎముక ఆసరా ఉంది, శ్వాసనాళానికి మృదులాస్థి కట్లున్నాయి. వాటి మధ్య, అంగిలి వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతుకు మాత్రం అలాంటి ఆసరా లేదు. అది మెత్తటి పైపు, పైగా ఊపిరి పీల్చేటప్పుడు సక్షన్ వైపున ఉంటుంది. నిద్రలో ఈ పైపు పదేపదే మూసుకుపోయి ఊపిరి ఆగడమే స్లీప్ అప్నియా.

మెలకువలో ఉన్నంతసేపు ఈ గొంతును కండరాలు తెరిచి ఉంచుతాయి. వాటిలో ముఖ్యమైనది నాలుకను ముందుకు లాగి పట్టుకునే జీనియోగ్లాసస్. లోపల పీడనం తగ్గిందని తెలియగానే అది క్షణంలో బిగుసుకుంటుంది. నిద్ర పట్టాక ఈ చురుకుతనం తగ్గుతుంది. ఇది అందరిలోనూ జరిగేదే, గొంతు విశాలంగా ఉన్నవాళ్లకు ఇబ్బంది రాదంతే. మెడ చుట్టూ, నాలుకలో కొవ్వు చేరినవాళ్లకు, కింది దవడ వెనక్కి ఉన్నవాళ్లకు, టాన్సిల్స్ పెద్దగా ఉన్న పిల్లలకు దారి ముందే ఇరుకు. అందుకే సన్నగా ఉన్న మనిషికి స్లీప్ అప్నియా రాదనుకోవడం పొరపాటు. దవడ చిన్నదైతే చాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 50 ఏళ్ల మనిషి, కాస్త పొట్ట, బీపీకి మూడు రకాల మాత్రలు వాడుతున్నా అదుపులోకి రావడం లేదు. స్లీప్ ల్యాబ్‌లో వెల్లకిలా పడుకుని పెద్దగా గురక పెడుతున్నాడు. ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది. పక్కన ఇంట్లోవాళ్లుంటే ‘హమ్మయ్య’ అనుకునే క్షణం అది. తెర మీద చూస్తే ముక్కు దగ్గర గాలి గీత చదునైపోయింది, ఛాతీకి, పొట్టకు కట్టిన బెల్టులు మాత్రం కదులుతూనే ఉన్నాయి, అదీ ఒకదానికొకటి ఎదురుగా: పొట్ట ఉబ్బితే ఛాతీ లోపలికి పోతోంది. మూసుకున్న దారికి ఎదురు ఊపిరి లాగుతున్నాడన్నమాట. మెదడే ఊపిరి ఆజ్ఞ ఇవ్వని వేరే రకం అప్నియాలో రెండు బెల్టులూ ఆగిపోతాయి. డాక్టర్లు తేడా పట్టేది ఇక్కడే.

మొదటి కొన్ని సెకన్లు వేలికి తొడిగిన ఆక్సిమీటర్ 95 దగ్గరే ఉంటుంది. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలితో రక్తం నెట్టుకొస్తోంది. పొట్ట ఉన్న మనిషి వెల్లకిలా పడుకుంటే ఆ నిల్వ తక్కువ, కాబట్టి త్వరగా అయిపోతుంది. హిమోగ్లోబిన్ తీరు కూడా తెలుసుకోవాలి. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ నిండిన శాతం, 90 దాకా నెమ్మదిగా దిగుతుంది, ఆ తర్వాత జారుడే. 30వ సెకనులో మెదడు కొద్దిగా మేల్కొంటుంది. మనిషికి తెలివి రాదు, పొద్దున గుర్తూ ఉండదు. గొంతు కండరాలు బిగుసుకుంటాయి, గట్టిగా ఒక గుర్రుమన్న శబ్దం, గాలి లోపలికి. చిత్రమేమిటంటే, ఊపిరి వచ్చాక కూడా తెర మీద అంకె ఇంకా దిగుతూ 82కి చేరుతుంది. ఊపిరితిత్తుల్లో బాగుపడిన రక్తం వేలి దాకా రావడానికి సమయం పడుతుంది మరి. కొన్ని సెకన్ల తర్వాత అంకె మళ్లీ 95. మరో నిమిషానికి గురక, నిశ్శబ్దం, అదే వరస.

ఈయన 6 గంటలు నిద్రపోయి, ఇలా ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో 210 సార్లు జరిగిందనుకోండి, గంటకు 35. రిపోర్టులో ఏహెచ్‌ఐ అని రాసేది ఈ అంకెనే. పెద్దవాళ్లలో 5 దాటితే అప్నియా కింద లెక్క, 30 దాటితే తీవ్రం. నా దృష్టిలో ఈ ఒక్క అంకెకు మనం ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ గౌరవం ఇస్తున్నాం. 12 సెకన్ల ఆటంకానికీ, శాచురేషన్‌ను 75కి దించే నిమిషం పొడవు ఆటంకానికీ అందులో ఒకటే మార్కు.

కొండప్రాంతాల్లో ఉండేవాళ్లు తక్కువ ఆక్సిజన్‌తోనే బతుకుతున్నారు కదా, రాత్రి కాసేపు 82కి దిగితే ఏమవుతుంది? తగ్గడం ఒక్కటే అయితే ఇంత నష్టం ఉండేది కాదేమో. పడి, లేచి, పడి, లేచి ఉండటంలో వేరే చెరుపు ఉంది. మెడలో మెదడుకు వెళ్లే ధమని చీలే చోట, రెండు పక్కలా కెరోటిడ్ బాడీ అనే కొద్ది మిల్లీమీటర్ల అవయవం ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే అలారం కొట్టేది ఇదే. అలారం వినగానే, ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నరాలు రక్తనాళాలను బిగిస్తాయి. ఊపిరి తిరిగొచ్చిన క్షణంలో గుండె వేగం పెరిగి, బిగిసిన నాళాల్లోకి రక్తం తోస్తుంది, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మామూలుగా నిద్రలో బీపీ దిగాలి. ఈయనకు దిగదు.

మరి పగలు కూడా బీపీ ఎందుకు ఎక్కువ? 1992లో యూజీన్ ఫ్లెచర్ బృందం ఎలుకలకు 35 రోజుల పాటు ఆక్సిజన్‌ను క్షణాల్లో తగ్గించి మళ్లీ పెంచుతూ పోయింది. వాటి బీపీ పెరిగింది, ఆక్సిజన్ తగ్గించని వేళల్లో కూడా. కెరోటిడ్ బాడీ నరాలు కోసేసిన ఎలుకల్లో మాత్రం పెరగలేదు. తర్వాత 2003లో నందూరి ప్రభాకర్ బృందం ఆ అవయవం నుంచి వెళ్లే సంకేతాలనే కొలిచింది. పది రోజులు ఇలా పడి లేచిన ఆక్సిజన్ పీల్చిన ఎలుకల్లో, ఆక్సిజన్ మామూలుకు వచ్చాక కూడా కెరోటిడ్ బాడీ అలారం మోగిస్తూనే ఉంది. తెరపి లేకుండా తక్కువ ఆక్సిజన్‌లో ఉంచినవాటిలో ఆ మార్పు రాలేదు. ప్రతిసారీ ఆక్సిజన్ తిరిగి వచ్చేటప్పుడు పుట్టే, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్సే దీనికి మూలమని తేలింది, వాటిని అడ్డుకునే మందు ఇస్తే మార్పు ఆగింది. మామూలు గాలిలో వదిలేస్తే కొన్నాళ్లకు తగ్గింది కూడా. ఎలుకల లెక్క మనుషులకు అక్షరాలా వర్తించదు కానీ, అప్నియా ఉన్నవాళ్లలో మెలకువలోనూ సింపథెటిక్ నరాల చురుకు ఎక్కువేనని నేరుగా కొలిచి చూశారు.

రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం కూడా కొందరిలో ఇదే కథ. మూసుకున్న గొంతుకు ఎదురు లాగినప్పుడు ఛాతీలో పీడనం బాగా పడిపోయి, గుండె పై గదులు సాగుతాయి. రక్తం ఎక్కువైందని భ్రమపడి అవి ఉప్పూ నీళ్లూ బయటికి పంపే హార్మోన్ వదులుతాయి. దీన్ని షుగర్ అనో, ప్రోస్టేట్ అనో, వయసు అనో సరిపెట్టుకునేవాళ్లు ఎందరో.

పగలు ఆక్సిమీటర్‌లో 98 చూసుకుని నిశ్చింతగా ఉండటం కూడా అలాంటిదే. మెలకువలో గొంతు తెరిచే ఉంటుంది కాబట్టి ఆ అంకె ఏమీ చెప్పదు. రాత్రి మద్యం తాగినా, కొన్ని రకాల నిద్రమాత్రలు వేసుకున్నా పరిస్థితి ఇంకా చెడుతుంది. గొంతు కండరాలు మరింత వదులవుతాయి, మెదడు మేల్కొనడానికి ఆలస్యమవుతుంది.

మందులతో కాకుండా పీడనంతో గొంతు తెరిచి ఉంచవచ్చని 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టరు చూపించాడు. ముక్కుకు మాస్కు పెట్టి, బయటినుంచి గాలి తోస్తే మెత్తటి పైపు డెలివరీ వైపు పైపులా ఉబ్బి ఉంటుంది. అదే సీప్యాప్. గురక, పగటి నిద్రమత్తు కొన్ని రాత్రుల్లోనే తగ్గుతాయి. బీపీ మాత్రం సగటున రెండు మూడు పాయింట్లే దిగుతుంది, మాత్రలకు లొంగని బీపీలో ఇంకొంచెం ఎక్కువ. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చినవాళ్ల మీద చేసి 2016లో ప్రచురించిన సేవ్ అనే పెద్ద ట్రయల్‌లో, సీప్యాప్ గుండెపోట్లను తగ్గించలేదని తేలింది. అందులో రోగులు మాస్కు పెట్టుకున్నది సగటున రాత్రికి 3.3 గంటలే. మిషన్ పనికిరాదా, వాడకం చాలలేదా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

ఆ వాదనలో ఒక చిన్న లెక్క మర్చిపోకూడదు. కలలొచ్చే రెమ్ నిద్రలో గొంతు కండరాలు అన్నిటికంటే వదులుగా ఉంటాయి, ఆక్సిజన్ అప్పుడే బాగా లోతుకు పడిపోతుంది. ఆ నిద్రలో ఎక్కువ భాగం తెల్లవారుజామునే. పదింటికి మాస్కు పెట్టుకుని ఒంటిగంటన్నరకు చిరాకుతో తీసేసే మనిషి, తేలికైన గంటలకు మిషన్ వాడి, కష్టమైన గంటలు దాని సాయం లేకుండానే గడుపుతున్నట్టు. మిషన్‌లోని కార్డు తీసి చూస్తే ఆయన ఏ గంటకు మాస్కు తీశాడో కూడా డాక్టరుకు కనిపిస్తుంది.